మంచిరోజు చూసి పెట్టిన తొమ్మిది పుస్తకాలు

కిందటేడు శ్రావణంలో ఎమ్మిగనూరులో ఉన్న మా చెల్లెలు ఫోన్‌లో నోముల కథల పుస్తకం ఒకటి తెప్పించుకుంది. మా అమ్మ ఉన్నంత కాలం ఆ వీధికంతా కథ చెప్పే పని అమ్మదే. అమ్మ తర్వాత చెల్లెలు చెబుతూ వచ్చింది. ఆ ఏడు దానికి గొంతు పట్టేసింది. పుస్తకం చూసి ఎవరో ఒకరు చదివితే సరిపోతుందనుకుంది. పూజనాడు మగ్గాలాపి వీధిలో ఆడవాళ్లంతా వచ్చి, చేతిలో అక్షింతలు పట్టుకొని కూర్చున్నారు. ఆదోని నుంచి నేనూ పొద్దుటి బస్సుకే పోయాను.

ఎదురింటి కోడలు చదవడం మొదలుపెట్టింది. మొదటి కథలో ఒక ఊళ్లో ఒక పేదరాలు. రెండో కథలోనూ అదే పేదరాలు, అదే ఊరు, చీర రంగు మాత్రం వేరు. అమ్మవారు కలలో కనబడి ఆమెతో ఏమన్నదయ్యా అంటే, "నీ భావాలు పూర్తిగా సమంజసమైనవి, నీకోసం నువ్వు కొంత సమయం కేటాయించుకో" అన్నది. ఉపవాసం సంగతి వచ్చేసరికి, పుష్కలంగా నీళ్లు తాగమనీ, ముందుగా వైద్యుణ్ణి సంప్రదించమనీ ఉంది. ఆ అమ్మాయి చదువుతూ చదువుతూ తలెత్తి మమ్మల్ని చూసింది. కానీమ్మా అన్నాం. పేజీ తిప్పింది.

"తప్పకుండా! మీరు అడిగిన విధంగా మూడవ కథను మరింత భక్తిభావంతో తిరిగి రాసి ఇస్తున్నాను."

ఒక ముసలామె గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. ఆమె గబుక్కున, "మేం యాడ అడిగినామే?" అన్నది.

అంతే. ఒకరు నవ్వితే అందరూ నవ్వారు. నవ్వొద్దని చెల్లెలు చేయి ఊపుతోంది గాని, దానికే ఆగడం లేదు. నవ్వు కంటే పెద్ద చిక్కు వేరే ఉంది. కథ పూర్తయ్యాకే కదా చేతిలోని అక్షింతలు అమ్మవారి ముందర వేసి, తలమీద చల్లుకునేది? ఆ పుస్తకంలో కథ పూర్తి కావడం లేదు. "ముగింపుగా" అని ఒకసారి వచ్చింది. అందరూ చేతులెత్తారు. వెంటనే "చివరగా" అని ఇంకోటి. చేతులు దించారు. తర్వాత "ఈ విధంగా". తర్వాత "ఈ కథ మనకు నేర్పే ఐదు పాఠాలు".

"ఇదేం కథనే సామీ, పోతానని లేసి వాకిట్లో నిలబడి మాట్లాడే సుట్టంగా!" అన్నది ముసలామె. "మూయే ఆ బుక్కు. నువ్వే సెప్పు పెద్దమ్మీ, మీ అమ్మ సెప్పినట్ల."

పెద్దమ్మీ అంటే నేను. అమ్మ చెప్పిన కథ చెప్పాను. కథ ముగిసినచోట అందరూ అక్షింతలు వేశారు. నా నోట ఆ కథను తప్పిపోకుండా నిలిపినందుకు ఆ తల్లికి దండం పెట్టుకున్నాను. పుస్తకాన్ని మాత్రం సంచిలో వేసుకొని ఆదోనికి తెచ్చాను. అంత దరిద్రపు రాత ఎవరు రాశారో చూడాలనిపించింది.

మనుషులెవరూ రాయలేదు, కంప్యూటరు మిషను రాసింది. అదీ సంగతి.

నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని నేస్తూనే నాకు అక్షరాలు దిద్దించాడు, పురాణాలు చదివించాడు. తప్పు చదివితే మగ్గం అచ్చు కొట్టే చేయి ఆపేవాడు. మగ్గం చప్పుడు ఆగిందంటే నేను తప్పు చదివానన్నమాట. అట్లా నేర్చుకున్న చదువు నాది. కంప్యూటర్లు నాకు తెలియవు. అయినా ఆ ఆన్‌లైన్ పుస్తకాల అంగడిలో వారం పాటు మా ఇంటాయన ఫోన్ పెట్టుకొని వెతికితే, దొంగసరుకును గుర్తుపట్టడం ఏమంత కష్టం కాదని తెలిసిపోయింది.

ముందు రాసినావిడ పేరు నొక్కాలి. ఆ పేరుమీద ఇంకేం పుస్తకాలున్నాయో వరుసగా వస్తాయి. మా చెల్లెలు కొన్న పుస్తకం రాసిన మహాతల్లి నోముల కథలతోపాటు చక్కెరజబ్బు వంటలు, షేర్ మార్కెట్ రహస్యాలు, కుక్కపిల్లల పెంపకం, విడాకుల తర్వాత జీవితం, మిద్దెమీద కూరగాయలు రాసింది. అన్నీ ఒకే నెలలో. ఆవిడకు పిల్లల్లేరా, పొయ్యి లేదా, నిద్ర లేదా? ఆవిడే లేదు. బొమ్మలో ఉన్న మనిషి నున్నగా, చెవులకు రెండు రకాల కమ్మలతో, ఏ ఊరూ కాని నవ్వు నవ్వుతోంది. ఇంకెక్కడా ఆ మనిషి జాడ లేదు. పుస్తకం అట్టమీద అమ్మవారికి ఒకవైపు మూడు చేతులు, ఇంకోవైపు ఒకటి. వెనక గుడి గోడమీద తెలుగు అక్షరాల్లాంటివి ఉన్నాయి గాని అవి ఏ భాషా కావు, జిలేబీ చుట్టలు. కొనకముందు కొన్ని పేజీలు చూడనిస్తారు. అవి చదివితే చాలు. ఊరికి పేరుండదు, వాన ఎప్పుడు పడిందో తెలియదు, కొర్రలు వరిమడిలో పండుతాయి. కొనుక్కుని మోసపోయినవాళ్లు కింద తిట్లు రాసి ఉంటారు. "అద్భుతం, ప్రతి ఇంట్లో ఉండాలి" అని పొగిడినవాళ్ల పేర్లు నొక్కితే, వాళ్లు కుక్కపిల్లల పుస్తకాన్నీ అవే మాటలతో పొగిడి ఉంటారు.

ఇదంతా ఒక పక్క. నా దగ్గర ఏళ్ల తరబడి రాసుకున్న కథలున్నాయి. ఎమ్మిగనూరు, కోసిగి, దేవనకొండ దిక్కు ఆడవాళ్లు చెప్పినవి. పూజలకు పోయినప్పుడు, పత్తి ఏరే కూలీలు ఎండకు చెట్టుకింద ఆగినప్పుడు విన్నవి. ఎవరు చెబితే వాళ్ల నోటిమాటగానే రాశాను. పుస్తకం చేయాలని ఎప్పుడూ అనుకోలేదు. ఆ పేదరాలి కథలు చూశాక మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. శ్రావణంలో చేతిలో అక్షింతలు పట్టుకొని కూర్చునే ఆడదానికి ఈ పొట్టు పెట్టి పంపుతారా?

ఆదోనిలో మాకు తెలిసిన డీటీపీ సెంటర్ ఉంది. పెళ్లిపత్రికలు, దినం కార్డులు, అంగళ్ల బ్యానర్లు చేసి బతికే మనిషి. నన్ను అక్కా అంటాడు. చలికాలమంతా కూర్చుని నా కథలు టైపు చేశాడు. ప్రూఫులు ఇచ్చేవాడు, నేను పెన్సిలుతో దిద్ది పంపేదాన్ని. "మనిషి మాట్లాడినట్ల రాసినావు గదక్కా, నా కీబోర్డుకే యాస వచ్చేసింది" అని నవ్వేవాడు. తొమ్మిది చిన్న పుస్తకాలయ్యాయి, ఒక్కో నోముకు ఒకటి. ఆర్డరు వచ్చినప్పుడల్లా ఆ ఆన్‌లైన్ అంగడివాళ్లే ఒక కాపీ అచ్చువేసి పంపుతారట. ఇంకేం కావాలి?

మంచిరోజు కావాలి. పుస్తకాలు అక్షయ తదియనాడు అంగడిలో పెట్టాలన్నాను. ఆరోజు మొదలుపెట్టిన పని తరగదని మా ఇంట్లో అందరికీ నమ్మకం. డీటీపీ ఆయనా కాదనలేదు. ఆయన షాపు తెరిచింది కూడా అక్షయ తదియనాడే.

ఆరోజు పొద్దున్నే స్నానం చేసి, పసుపు కుంకుమ తీసుకొని షాపుకు పోయి కంప్యూటరుకు బొట్టు పెట్టాను. నా పేరుమీద ఖాతా తెరిచి మూడు పుస్తకాలు ఎక్కించాడు. నాలుగోది తీసుకోలేదు. "రోజుకు మూడేనంట అక్కా. మిసన్లతో కుప్పలు కుప్పలు పెడ్తాండారని పట్టు బిగించినారు. తక్కినవి రేపు పెడ్దామా?"

రేపంటే తదియ పోతుంది కదా. అదే అన్నాను.

ఆయన గడ్డం గోక్కొని, "అయితే ఇంగో రెండు ఖాతాలు తెరుద్దాం. మీ సెల్లెలి పేరున ఒగటి, నా పెండ్లాం పేరున ఒగటి. బుక్కుల మీద పేరు నీదే ఉంటాది. యాడికి పోతాది?" అన్నాడు.

నాకు అందులో తప్పు కనబడలేదు. ఇంట్లో పూజకు తల్లి ఒక దీపం, చెల్లెలు ఒక దీపం పెట్టినట్టే అనుకున్నాను. చెల్లెలికి ఫోన్ చేసి దాని నంబరుకు వచ్చిన అంకెలు చెప్పించుకున్నాం. డబ్బు పడాల్సిన బ్యాంకు ఖాతా మూడింటికీ నాదే ఇచ్చాం. ప్రతి పుస్తకానికీ ఒక ప్రశ్న వచ్చింది: ఇందులో యంత్రం తయారుచేసిన రాత గాని బొమ్మలు గాని ఉన్నాయా? లేవు అని తొమ్మిదిసార్లు నొక్కాడు. కొబ్బరికాయ కొట్టి, చక్కెర పంచి ఇంటికొచ్చాను.

పుస్తకాలు కనబడ్డాయి. నలుగురైదుగురు కొన్నారు కూడా. కోసిగి నుంచి గుంటూరు మిరపకాయల పనికి పోయిన కుటుంబంలో ఒకమ్మ, తన అత్త చెప్పిన కథ అచ్చులో చూసి, కింద రెండు ముక్కలు రాసింది. "ఇది మా అత్త కథే. పాలు పొంగేది కూడా రాసినారు." ఆ రెండు ముక్కలు ఎన్నిసార్లు చదువుకున్నానో.

జ్యేష్ఠంలో ఒకరోజు పుస్తకాలన్నీ మాయమయ్యాయి. డీటీపీ ఆయన ఫోన్ చేసి రమ్మన్నాడు. పోయేసరికి అక్కడ ఇంకో మనిషి కూర్చుని ఉన్నాడు. ముందు ఎమ్మిగనూరు రోడ్డులో వెంచర్లు వేసి ప్లాట్లు అమ్మినవాడు. ఇప్పుడు ఏం చేస్తున్నాడో నాకు తెలియదు.

అంగడివాళ్ల ఉత్తరం చదివి వినిపించాడు డీటీపీ ఆయన. సంబంధమున్న అనేక ఖాతాల నుంచి తక్కువ సమయంలో ఎక్కువ పుస్తకాలు పెట్టారట. చెప్పకుండా యంత్రంతో రాయించినవని అనుమానమట. మూడు ఖాతాలూ ఆపేశారు. యంత్రం రాసినవే అయితే ఆ మాట ఒప్పుకొని, వివరం సరిచేసి మళ్లీ పంపవచ్చునట.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండింది. నేనా? నన్నా? ఆ మూడు చేతుల అమ్మవారి పక్కన నన్ను నిలబెట్టారా?

ప్లాట్లాయన నవ్వాడు. "దీనికేందక్కా ఇంత కోపం? ఔను మిసనే రాసిందని టిక్కు పెట్టెయ్, అయిపాయ. సదివేటోళ్లకు ఆ టిక్కు కనపడదు. అంగడోళ్లకు లోపల తెలుస్తాది, అంతే. నేను పెడ్తానే ఉండా."

"నువ్వేం పెడతావప్పా?" అన్నాను.

"బుక్కులే. నోములు, సుగరు, షేర్లు. మిసనుకు ఒగ మాట సెప్తే సాలు, టీ తాగొచ్చే లోపల బుక్కు రెడీ. నువ్వు సలికాలమంతా గీకినావంట గదా!" అని నిజంగా జాలిపడి అడిగాడు. "ఏమొచ్చింది?"

ఆ జాలి చూస్తే నాకు నవ్వొచ్చింది. "కుక్కపిల్లల పుస్తకం కూడా నీదేనా?"

"నాదే! సదివినావా?" మొహం వెలిగిపోయింది.

"నువ్వు చదివినావా?"

తన పుస్తకాన్ని తానే తెరిచి చూడనివాడు లోకంలో ఉంటాడని నాకు ఆరోజే తెలిసింది. ఖాళీ ప్లాటు అమ్మేవాడైనా కొనేవాణ్ణి ఎండలో నిలబెట్టి నాలుగు రాళ్లు చూపిస్తాడు. ఈయన అదీ చూపించడం లేదు. మూడు కథల్లో ఒకే పేదరాలిని పెట్టి, ఆడవాళ్ల పేరుతో ఆడవాళ్లకే అంటగడుతున్నాడు. ఆ పేరు ఎవరిదయ్యా అంటే, ఆ పేరు కూడా మిషనే ఇచ్చిందన్నాడు. కనీసం అబద్ధానికి కూడా సొంతంగా కష్టపడలేదు.

డీటీపీ ఆయన మాత్రం భయపడ్డాడు. "శ్రావణం వచ్చేస్తాండాదక్కా. నోముల బుక్కులు అప్పుడు గాక ఇంగెప్పుడు పోతాయి? ఒగ టిక్కు గదా. పెట్టేద్దామా?"

"అప్పా, కోసిగి ముసలామె చెప్పిన కథకు, మిషను చెప్పిందని నేను సంతకం పెట్టాలా? పుస్తకాలు ఉంటే ఉంటాయి, పోతే పోతాయి. ఆ టిక్కు పెట్టేది లేదు."

"అట్లయితే మనిసితో మాట్లాడాల. మిసనుతో వాదిస్తే ఒగే జవాబు మల్లమల్ల వస్తాది." ఆ మాట ఆయన ప్లాట్లాయన వైపు చూస్తూ అన్నాడు.

జరిగింది జరిగినట్టు అంగడివాళ్లకు రాయించాను. తదియ సంగతి, మూడు ఖాతాల సంగతి, ఏదీ దాచలేదు. మొదట వచ్చిన జవాబు ముందటి ఉత్తరమే, అక్షరం మారలేదు. మళ్లీ రాశాం. ఆషాఢం సగం పోయాక, వాళ్ల తరఫున ఒక అమ్మాయి వీడియోలో మాట్లాడుతుందని కబురొచ్చింది. షాపులో షట్టరు సగం దించి, బ్యానర్ల నడుమ కూర్చున్నాం. చెల్లెలు కూడా ఎమ్మిగనూరు నుంచి వచ్చింది, దాని పేరుమీద కూడా ఖాతా ఉంది కదా.

ఆ అమ్మాయిది హైదరాబాదు. మర్యాదగా మాట్లాడింది. "అమ్మా, మూడు కొత్త ఖాతాలు, ఒకటే కంప్యూటరు, ఒకటే బ్యాంకు ఖాతా, ఒకే రోజు తొమ్మిది పుస్తకాలు, అన్నీ ఒకే కొలత, ఒకే రకం అట్ట. ఇట్లా చేసేవాళ్లు మాకు రోజూ కనబడతారు. వాళ్లెవరూ మనుషులు రాసినవి పెట్టరు. మీరెందుకు చేశారు?"

"ఆరోజు అక్షయ తదియ తల్లీ."

ఆ అమ్మాయి పక్కకు తిరిగి దగ్గింది. నవ్వాపుకుందని మా చెల్లెలు ఇప్పటికీ అంటుంది.

"ఇంగో సంగతి మేడం," అన్నది చెల్లెలు, అడగకుండానే. "మా యక్క కంప్యూటరుకు బొట్టు గూడా పెట్టింది. అది మీ లెక్కలో వచ్చిందా, రాలేదా?"

నేను దాని తొడమీద గిల్లాను. ఆ అమ్మాయి ఈసారి దాచుకోకుండా నవ్వింది. తర్వాత అసలు సంగతి చెప్పింది. యంత్రం రాసిందో మనిషి రాశాడో తేల్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గాని, తెలుగు దగ్గర వాటిని నమ్మలేమంది. మనుషులు రాసినదాన్ని కూడా తప్పు పడతాయి. అందుకే రాత కంటే ముందు పెట్టే తీరు చూస్తారట. చదివినవాళ్ల ఫిర్యాదులు చూస్తారు. ఒకే వాక్యాలు వేరే పుస్తకాల్లో ఉన్నాయేమో చూస్తారు. అనుమానం వచ్చినచోట మనిషి కూర్చుని చదువుతాడు, అంత మంది మనుషులు లేరు కాబట్టి ఆలస్యమవుతుంది.

"మీ పుస్తకం ఒకటి నేను చదివాను," అంది. "కథ చెబుతున్నామె మధ్యలో లేచి పొయ్యిమీద పాలు చూసుకొస్తుంది. వచ్చాక కథ వేరేచోట అందుకుంటుంది. అది మీరెందుకు తీసెయ్యలేదు?"

"ఆమె లేచిపోయింది కదమ్మా. అక్కడ కథ అంతే."

"నాకు నచ్చింది. కానీ నచ్చడం రుజువు కాదు. రాస్తూ దిద్దుకున్నవి ఏమైనా ఉన్నాయా?"

డీటీపీ ఆయన చలికాలం నుంచి దాచిన ఫైళ్లన్నీ తేదీలతో సహా తెరిచి చూపించాడు. నా పెన్సిలు దిద్దుళ్ల ప్రూఫులు కట్టలు కట్టి పెట్టుకున్నాడు, అవీ పట్టి చూపించాడు. ఒకచోట నేను "నా కథలో ఏడ్పు ఎక్కువ పెట్టొద్దప్పా" అని పక్కన రాసిన ముక్కను ఆ అమ్మాయి చదువుకొని తలూపింది.

వారానికి తీర్పు వచ్చింది. నా ఖాతా తెరిచారు. మిగతా రెండూ ఇక తెరవరు. ఒక మనిషికి ఒకే ఖాతా అన్నది నియమం, తెలియక చేసినా తప్పు తప్పే. ఆ రెండింట్లోని పుస్తకాలు నా ఖాతాలో మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి, వాటి కింద చదివినవాళ్లు రాసిన మాటలు తిరిగి రావు. కోసిగి అమ్మ రాసిన రెండు ముక్కలు అట్లా పోయాయి. అవి పోయినందుకు తప్ప దేనికీ బాధ లేదు. మొహం చూసి అడిగిన ఆ అమ్మాయికి, టైపు ఫైలు ఒక్కటీ చెరపని డీటీపీ ఆయనకు, రోజూ దీపం ముందు చెప్పుకునే కృతజ్ఞతల్లో చోటిచ్చాను.

శ్రావణం మొదటి వారంలో మిగిలిన ప్రూఫులు తెచ్చుకుందామని షాపుకు పోయాను. ప్లాట్లాయన అక్కడే ఉన్నాడు. ఈసారి లేచి నిలబడ్డాడు, కుర్చీ నాకు జరిపాడు. నా పుస్తకాలు వెనక్కి వచ్చినట్టు విన్నాడట. తనవి ఎక్కువభాగం పోయాయట. చదివినవాళ్లు పేజీలు ఫొటోలు తీసి మరీ ఫిర్యాదు చేశారట, ఆ "తప్పకుండా!" ఉన్న పేజీతో సహా.

"అక్కా, నీతో ఒగ పని పడింది," అన్నాడు.

"చెప్పప్పా."

"వాళ్లు ఇప్పుడు మనిసిని సూడాలంటాండారు. నేను మొగోన్ని, బుక్కు మీద పేరేమో ఆడామెది. నేనెట్ల కూసుంటా? నువ్వు ఒగసారి వీడియోలో కూసో. నువ్వు కనపడితే సాలు, ఇంగేం అడగరు. ఊరికే ఏం వద్దు, వచ్చిన దాంట్లో..."

"ఆ పేదరాలి కథలు రాసిన ఆడది నేనేనని చెప్పాలా?"

"ఔనక్కా! అంతే!" అర్థమైనందుకు సంతోషపడ్డాడు.

డీటీపీ ఆయన మానిటరు వెనక తల దాచుకున్నాడు.

"అప్పా," అన్నాను, "నీ పుస్తకంలో మూడో కథ చదువు. ఇప్పుడే, గట్టిగా చదువు. పూర్తిగా వింటా. ఎక్కడ అక్షింతలు వేయాలో నువ్వే చెప్పు. చెప్పినావంటే నీ పుస్తకం మీది పేరుకు నేను మనిషిగా కూర్చుంటా."

ఆయన ఫోన్ తీశాడు. వెతికాడు. చదవడం మొదలుపెట్టాడు. రెండు వాక్యాలు పోయేసరికి గొంతు తగ్గింది. తర్వాత లోలోపల చదువుకుంటున్నాడు. ఆ పుస్తకం ఆయన మొదటిసారి చదవడం అదేనని తెలుస్తూనే ఉంది. నేను కుర్చీలో నుంచి కదల్లేదు. పేజీ మార్చాడు, ఇంకో పేజీ మార్చాడు, కళ్లు చిట్లించాడు.

"ఇదేందక్కా," అన్నాడు చివరికి, "ఈ ఆడది యాడిదో, యా ఊరో రాయనే లేదే."

"ఔను," అన్నాను. "నేను ఆదోనిదాన్ని."

ప్రూఫుల కట్ట చంకలో పెట్టుకొని బయటికొచ్చాను. ఆయన ఇంకా చదువుతూనే ఉన్నాడు.